n పదాల మొత్తానికి శాండ్‌విచ్ సిద్ధాంతంతో అవధి ఎలా కనుక్కోవాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను. అవధుల పాఠంలో వాళ్లు తడబడే లెక్క ఇది:

S = n/(n²+1) + n/(n²+2) + ... + n/(n²+n)

n అనంతానికి పోతే S ఎంత? చాలామంది ఒక్కో పదం సున్నాకు పోతుంది కాబట్టి మొత్తం కూడా సున్నా అనేస్తారు. పదాల సంఖ్య స్థిరంగా ఉంటే అది నిజమే. ఇక్కడ పదాలు చిన్నవవుతున్న కొద్దీ వాటి సంఖ్య కూడా పెరుగుతోంది.

ముందుగా పదాలు లెక్కపెట్టండి. ప్రతి పదం n/(n²+k) రూపంలో ఉంది, k విలువ 1 నుంచి n వరకు కాబట్టి సరిగ్గా n పదాలు. ప్రశ్నలో k సున్నా నుంచి మొదలైతే n+1 అవుతాయి, అది చూసుకోవాలి.

తర్వాత అన్నిటికన్నా పెద్ద పదం, చిన్న పదం గుర్తించండి. లవం అన్నిటిలోనూ n. హారం పెరిగితే భిన్నం తగ్గుతుంది. అందుకే మొదటిదైన n/(n²+1) పెద్దది, చివరిదైన n/(n²+n) చిన్నది. టెన్షన్‌లో ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు n పదాలూ చిన్న పదమంతే ఉన్నాయనుకుంటే వచ్చే మొత్తం S కన్నా ఎక్కువ కాదు. అన్నీ పెద్ద పదమంత అనుకుంటే వచ్చేది S కన్నా తక్కువ కాదు. అంటే

n²/(n²+n) ≤ S ≤ n²/(n²+1)

ఎడమవైపుది n/(n+1), దాని అవధి 1. కుడివైపుది లవహారాలను n²తో భాగిస్తే 1/(1+1/n²), దాని అవధీ 1. మధ్యలో ఇరుక్కున్న S కూడా 1కే పోవాలి. పరీక్షలో రెండు వైపుల అవధులూ విడివిడిగా రాయండి.

నమ్మకం కుదరకపోతే n = 10 పెట్టి చూడండి. ఎడమవైపు 0.909, కుడివైపు 0.990, అసలు మొత్తం సుమారు 0.949. n = 100 అయితే మొత్తం సుమారు 0.995.

ఈ పద్ధతి ప్రతిచోటా పనిచేయదు. హారంలో k బదులు k² పెడితే, చివరి పదం n/(2n²) అవుతుంది. అప్పుడు ఎడమ హద్దు 1/2, కుడి హద్దు 1కి పోతుంది. రెండూ కలవవు కాబట్టి అవధి ఈ రెంటి మధ్య ఉంటుందన్న మాట తప్ప ఇంకేమీ తేలదు. అందుకే నేను మొదటి పదాన్ని చివరి పదంతో భాగించి చూడమంటాను. మన లెక్కలో ఆ నిష్పత్తి 1కి పోతుంది, k² లెక్కలో 2కి పోతుంది. 1 రాకపోతే ఈ హద్దులతో కుస్తీ పట్టకుండా, ప్రతి పదాన్నీ (1/n) · 1/(1+(k/n)²) అని రాసి, 0 నుంచి 1 వరకు 1/(1+x²) సమాకలని తీసుకోండి. జవాబు π/4, అంటే దాదాపు 0.785.