ఎంట్రన్స్ మళ్లీ మళ్లీ రాశారా? అడ్మిషన్ వ్యాసంలో దాన్ని ఎలా చెప్పాలి

అమెరికాకి చదువుకోవడానికి వచ్చాక బ్యాంకు ఖాతా, ఫోన్ సిమ్ లాంటివి ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది అడ్మిషన్ వ్యాసం గురించి. మొన్న ఒక తమ్ముడు తన వ్యాసం చూపించాడు. ఇక్కడి కాలేజీలకి అప్లై చేసే కామన్ యాప్ ఇచ్చేదే 650 పదాలు. అందులో సగానికి పైగా మెడికల్ ఎంట్రన్స్ మీదే పెట్టాడు: ఎన్ని లక్షల మంది రాస్తారు, పేపర్ ఎంత కఠినంగా వచ్చింది, సీటు ఎంత కొద్దిలో పోయింది. చదివి తల పట్టుకున్నాను.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ పరీక్ష పేరు కూడా ఇక్కడ చాలామందికి తెలియదు. వచ్చిన కొత్తలో నేనూ కనిపించినవాళ్లకల్లా నా ర్యాంకు వివరించేవాడిని. మర్యాదగా తలూపి, తర్వాత ఏం చేశావని అడిగేవాళ్లు. వ్యాసం చదివేవాళ్లకి కావలసిందీ అదే. పరీక్ష ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి, చాలు.

మీ వ్యాసంలో క్రియల కింద గీత గీసి చూడండి. "సీటు దక్కలేదు, కటాఫ్ పెరిగింది, అవకాశం చేజారింది" అని వరసగా వస్తే మీరు అందులో ఏమీ చేయడం లేదు, అన్నీ మీకు జరుగుతున్నాయి. అక్కసు కనిపించేది అక్కడే. "దురదృష్టవశాత్తు", "ఒక్క మార్కుతో" అన్నవి మొహమాటం లేకుండా కొట్టేయండి. సిస్టమ్‌ని తిట్టే వాక్యం నిజమే అయినా ఇక్కడ పనికిరాదు.

తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. రెండోసారి తర్వాత తన తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాడట. రానివాటికంటే, వచ్చినవాటినే తొందరలో తప్పుగా చదివినవి ఎక్కువని తేలింది. ఆ లెక్కలు వేస్తూ వేస్తూ స్టాటిస్టిక్స్ మీద ఇష్టం పుట్టింది. ఇంత మంచి విషయం వ్యాసంలో లేనే లేదు! చివరికి ఇలా మార్చాం: "వైద్య విద్య ప్రవేశ పరీక్ష మూడుసార్లు రాశాను. రెండోసారి తర్వాత నా తప్పులను రకాలవారీగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడోసారి మార్కులు పెరిగాయి, సీటు రాలేదు. డాక్టర్ కావడం కంటే ఆ లెక్కలే నాకు ఎక్కువ నచ్చుతున్నాయని అప్పటికి అర్థమైంది, నాలుగోసారి రాయకూడదని నిర్ణయించుకున్నాను." మిగతా వ్యాసమంతా స్టాటిస్టిక్స్ గురించే.

"సీటు రాలేదు" అన్న ముక్క తీసేస్తానని పట్టుపట్టాడు. వద్దన్నాను. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏళ్లు ఖాళీగా కనిపిస్తూనే ఉంటాయి, దాచితే అనుమానం వస్తుంది. రెజ్యూమె తేదీలు, సిఫార్సు లేఖ రాసే మాస్టారు చెప్పేదీ దీనితో కలవాలి.

సరే, టెన్షన్ పెట్టానేమో. ఎక్కువసార్లు రాశారన్న ఒక్క కారణంతో అప్లికేషన్ పక్కన పడేస్తారని భయపడకండి. ఆ ఏళ్లలో మీరేం చేశారో కనిపిస్తే ఖాళీ ఏళ్లు పెద్ద అడ్డేమీ కావు.