క్యాప్షన్ రాద్దాం, 5వ పాఠం: కూర్చునేవాళ్ళమా, కూర్చుంటామా?

పోయిన పాఠంలో, ఫ్రెండ్‌షిప్ డేకి పెట్టే ఫొటోలో కనిపించే వస్తువు ఒకటి పట్టుకుని క్యాప్షన్ మొదలుపెట్టమన్నాను. మీరు పంపినవన్నీ చదివాను. చాలామంది ఒకటి కాదు, ఏడెనిమిది పట్టుకున్నారు. గోలీలు, గాలిపటం, సైకిల్ టైరు, వేపచెట్టు, కారం దోశ అన్నీ ఒకే లైన్లో. ఒక్కటే ఎందుకో అప్పుడు నేను చెప్పలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో స్క్రోల్ చేసేవాళ్ళకి ముందు కొద్ది మాటలే కనిపిస్తాయి, మిగతాది చదవాలంటే more నొక్కాలి. ఆ జాగా అంతా సామాన్ల జాబితాకే పోతే, మీరు చెప్పాలనుకున్నది ఎవరి కంటా పడదు.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. ఈ పాఠమంతా దాని గురించే.

కడప నుంచి వచ్చిన క్యాప్షన్ ఇది: “ఈ అరుగు మీద కూర్చునేవాళ్ళం, గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. ఆ రోజులే వేరు. హ్యాపీ ఫ్రెండ్‌షిప్ డే.” ఫొటోలో ఆరుగురు అదే అరుగు మీద ఉన్నారు. పోయిన ఆదివారం తీసింది. ప్రతి ఆదివారం కలుస్తారట కూడా.

మరి ‘కూర్చునేవాళ్ళం’ ఎందుకు? తెలుగులో ‘-ఏవాళ్ళం’ అంటే ఒకప్పటి అలవాటు. ఇప్పుడు లేదనే అందరికీ వినిపిస్తుంది. “మా నాయన బీడీ కాల్చేవాడు” అంటే మానేశాడనో, ఇక లేడనో అనుకుంటాం. “ఈ వీధిలో ఆడేవాళ్ళం” అంటే గ్యాంగ్ చెదిరిపోయిందనే అర్థమవుతుంది. విడిపోయినవాళ్ళకు ఆ మాట సరిపోతుంది. మీరు విడిపోలేదు. ఉన్నదాన్ని మీ చేతులతో మీరే గతంలోకి నెట్టేస్తున్నారు. చదివిన ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

‘కూర్చుంటాం’ అని రాయండి. తెలుగులో ఈ ఒక్క రూపమే రెండు పనులు చేస్తుంది. “ఆదివారం కలుస్తాం” అంటే అది అలవాటూ అవుతుంది, వచ్చే ఆదివారానికి మాట ఇచ్చినట్టూ అవుతుంది. “కలుస్తున్నాం” అంటే ఈ ఒక్కసారికే అనిపిస్తుంది. “ఇంకా కలుస్తూనే ఉన్నాం” తప్పు కాదు గానీ నాకు నచ్చదు. కలవడమే ఒక వింత అన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ఆ క్యాప్షన్ బాగు చేద్దాం. అరుగు గురించి ఇంకేమైనా చెప్పమని అడిగితే ఆ అబ్బాయి ఇలా రాశాడు: “అది నల్ల కడప బండ సార్. పగలంతా ఎండకు కాగి ఉంటుంది. ఏడున్నర దాకా కూర్చోలేం. ముందొచ్చినోడు నీళ్ళు చల్లుతాడు.” క్యాప్షన్ ఇక్కడే ఉంది. గోలీలు అక్కర్లేదు, వేపచెట్టు అక్కర్లేదు.

“ముందొచ్చినోడు బండ మీద నీళ్ళు చల్లుతాడు. ఏడున్నరకి అందరం కూర్చుంటాం.”

స్నేహం అన్న మాటే లేదు. కానీ నీళ్ళు చల్లేవాడు మిగతావాళ్ళ కోసమే చల్లుతున్నాడని తెలిసిపోతుంది. ‘ముందొచ్చినోడు’ని ‘ముందుగా వచ్చినవాడు’ అని మార్చకండి. గ్యాంగ్‌లో ఎవరూ అలా అనరు.

ఇక మేము, మనం. ‘మేము’ అంటే బయటివాళ్ళకి చెబుతున్నట్టు, ‘మనం’ అంటే గ్యాంగ్‌తోనే మాట్లాడుతున్నట్టు. ఒకే క్యాప్షన్‌లో రెండూ కలపకండి. ‘అందరం’ అంటే రెండు వైపులా నడుస్తుంది, అందుకే పైన అది వాడాను.

ఈ గ్యాంగ్‌లో ఏడోవాడు కువైట్‌లో ఉన్నాడు. ఫొటోలో లేడు. “ఆరుగురం” అని రాస్తే లెక్క సరిపోతుంది, వాడి మనసు మాత్రం చివుక్కుమంటుంది. “మిస్ యూ రా” అని చివర తగిలించడం కూడా వద్దు. మన ఫ్రెండ్‌షిప్ డే ఆగస్టు మొదటి ఆదివారం. అక్కడ వారం సెలవు శుక్రవారం, ఆదివారం డ్యూటీ ఉంటుంది. కడపలో ఏడున్నర అయితే అక్కడ ఐదు. ఆ తేడానే వాడుకోండి:

“ఇక్కడ ఏడున్నర, వాడికి ఐదు. డ్యూటీ దిగి ఫోన్ చేస్తాడు. ఏడుగురం అయ్యాక మొదలుపెడతాం.”

ఫోన్ రాకుండానే మొదలుపెట్టేస్తారంటే మాత్రం ఇలా రాయకండి. గ్యాంగ్ మొత్తం చదువుతుంది, అబద్ధమైతే వాళ్ళకే ముందు తెలుస్తుంది.

అభ్యాసం: మీ వీధి ఫొటో ఒకటి తీసుకుని మూడు క్యాప్షన్లు రాయండి. ఒకటి ‘మేము’తో, ఒకటి ‘మనం’తో, ఒకటి ఊళ్ళో లేనివాడి కోసం. ఒక్కోటి పన్నెండు మాటలు దాటకూడదు. స్నేహం, దోస్తీ, బాల్యం, జ్ఞాపకం అన్న మాటలు రాకూడదు. ‘-ఏవాళ్ళం’ అసలే రాకూడదు. తర్వాత ఫొటో చూపించకుండా గ్యాంగ్‌లో ఒకరికి చదివి వినిపించండి. ఏ చోటు గురించో వాడు చెప్పలేకపోతే మళ్ళీ రాయండి. మూడూ నాకు పంపండి, వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడతాను.