సారీ చెప్పినా కోపం తగ్గకపోతే ఎక్కడ తేడా వచ్చినట్టు?

సమస్య: ఫిర్యాదు పోస్టు కింద కంపెనీ జవాబు పెట్టింది. గొడవ చల్లారకపోగా ముదిరింది. జనం ఇప్పుడు ఫిర్యాదును వదిలేసి, ఆ జవాబు స్క్రీన్‌షాట్‌నే షేర్ చేస్తున్నారు.

కారణం: జరిగినదానికీ జవాబులో వాడిన మాటకీ పొంతన లేకపోవడం. 2017 ఏప్రిల్ 9న షికాగోలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కి కూర్చున్న ప్రయాణికుణ్ని సీటులోంచి బలవంతంగా ఈడ్చి దించారు. నోటి నుంచి రక్తం కారుతున్న ఆయన వీడియో ప్రపంచమంతా తిరిగింది. మర్నాడు సీఈవో ఆస్కార్ మునోజ్ ప్రయాణికులకు ‘వేరే ఏర్పాటు’ చేయాల్సి వచ్చినందుకు క్షమించమన్నారు. ఈడ్చివేతను కళ్లారా చూసినవాళ్లకు ‘ఏర్పాటు’ అంటే ఒళ్లు మండదా? ఆ ప్రయాణికుడే గొడవపడ్డాడంటూ ఉద్యోగులకు రాసిన లేఖ కూడా బయటికొచ్చింది. 11న మాట మారింది: బలవంతంగా దించిన ప్రయాణికుడికి క్షమాపణ, బాధ్యత పూర్తిగా మాదే, ఏప్రిల్ 30లోగా సమీక్ష ఫలితాలు చెబుతాం. అదే జవాబు ముందురోజే వచ్చి ఉండాల్సింది.

పరిష్కారం: కస్టమర్ వాడిన మాటనే వాడండి. ఒక ఆన్‌లైన్ చీరల షాపునే తీసుకుందాం. “ఎల్లుండి పెళ్లి. చీర అంచు చిరిగి వచ్చింది. ఐదు రోజులుగా ఫోన్ ఎత్తరు” అని ఒకావిడ ఫొటోతో సహా పోస్టు పెట్టారు. “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, డీఎం చేయండి” అంటే పని జరగదు. ఇలా రాయాలి:

“చిరిగిన చీర పంపడం మా తప్పేనండి. ఐదు రోజులు ఫోన్ ఎత్తకపోవడం ఇంకా పెద్ద తప్పు. క్షమించండి. కొత్త చీర రేపు మధ్యాహ్నంలోగా మీ ఇంటికి చేరుతుంది. వద్దంటే డబ్బు మొత్తం వాపసు చేస్తాం. ఆర్డర్ నంబరు డీఎంలో పంపండి, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టొద్దు.”

‘రేపు మధ్యాహ్నం’ అని రాసేముందు స్టాకు ఉందో లేదో చూసుకోవాలి, కొరియర్‌ వాళ్లతో మాట్లాడుకోవాలి. ఆ మాట తప్పితే రెండో పోస్టు మొదటిదానికన్నా ఘాటుగా వస్తుంది.

సమస్య: జవాబు బాగానే ఉంది, అయినా “వీళ్లకు పట్టదు” అంటున్నారు.

కారణం, పరిష్కారం: మీ పేజీ ఒకసారి పైనుంచి కిందికి చూడండి. ముందే షెడ్యూల్ చేసిన పండగ ఆఫర్ పోస్టు మధ్యలో పడి ఉంటుంది, లేదా ఒకే జవాబు అందరికీ అతికించి ఉంటారు. షెడ్యూల్ ఆపేయండి. వివరమైన జవాబు ఒకటి పిన్ చేసి, మిగతావాళ్లలో కొత్త విషయం అడిగినవాళ్లకే విడిగా రాయండి. విమర్శను డిలీట్ చేయొద్దు, దాని స్క్రీన్‌షాట్ ఎవరో ఒకరి దగ్గర ఉండనే ఉంటుంది.

సమస్య: ఆరోపణ నిజమో కాదో మీకే ఇంకా తెలియదు.

పరిష్కారం: తప్పు ఒప్పుకోవద్దు, కొట్టిపారేయనూ వద్దు. “ఫొటో చూశాం, ప్యాకింగ్ దగ్గర కనుక్కుంటున్నాం, సాయంత్రం 6కి ఇక్కడే చెబుతాం” అనండి. 6 గంటలకు విషయం తేలకపోయినా, తేలలేదనే రాసి, మళ్లీ ఎన్నింటికి చెబుతారో అందులోనే పెట్టండి.