సంబంధం మాట్లాడేటప్పుడు జీతం అడిగితే

మొదటి ఫోన్‌లోనే "బాబు ప్యాకేజీ ఎంతండీ?" అని అడుగుతారు. ప్యాకేజీ కాకుండా నెలకు చేతికొచ్చేది చెప్పండి. 18 లక్షలంటే అవతలివాళ్లు 12తో భాగించి నెలకు లక్షన్నర అనుకుంటారు. అందులో 2 లక్షలు వేరియబుల్ అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, మన పీఎఫ్, పన్ను కూడా పోతే మిగిలేది సుమారు లక్షా పదివేలే. నిశ్చితార్థం అయ్యాక ఈ తేడా బయటపడితే అబద్ధం చెప్పారంటారు. "చేతికి లక్షా పదివేల దాకా వస్తుందండీ, ఫ్లాట్ లోన్‌కి 38 వేలు కడుతున్నాడు" అంటే చాలు. పే స్లిప్పులు అప్పుడే వాట్సాప్‌లో పంపక్కర్లేదు, పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చాక చూపించుకోవచ్చు.

పొలం గురించి అడిగితే ఎవరి పేరు మీదుందో, వాటాదారులు ఎందరో కూడా చెప్పండి. తాతల నాటి 6 ఎకరాలను "మావాడికి ఆరెకరాలు" అనేస్తుంటారు. అన్నదమ్ములతో పాటు ఆడపిల్లకూ అందులో సమాన వాటా ఉంటుంది (ఆ లెక్క చాలామందికి సౌకర్యంగా గుర్తుండదు).

"మీరేం పెడతారు?" అని ఆడపిల్ల వాళ్లను అడిగితే మాత్రం జవాబు వెతుక్కోనక్కర్లేదు. 1961 చట్టం ప్రకారం కట్నం అడగడమే నేరం.