తెర మీద ట్యాంకు ఖాళీ, బయట నీళ్ల పొర్లు: 4–20 లూప్‌లో తెగిన వైరును పట్టుకోవడం

లక్షణం

చిత్తూరు శివార్లలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి కాయల లోడ్లు రావడం మొదలైంది, కాయలు కడగడానికి నీళ్లు ఆగకుండా కావాలి. బోరు నీళ్లు 5 మీటర్ల ఎత్తున్న ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కుతాయి. మట్టం 1.5 మీటర్లకు దిగితే పంపు దానంతటదే మొదలవుతుంది, 4.5 మీటర్లకు చేరితే ఆగుతుంది. ఒక ఉదయం ఆపరేటర్ ఫోను చేస్తాడు: "ట్యాంకు ఖాళీ అని చూపిస్తోంది సార్. కానీ పైనుంచి నీళ్లు పొర్లిపోతున్నాయి."

తెర మీద మట్టం 0.00 మీటర్లు. ఆ అంకె కదలదు, పంపు ఆగదు.

ముందుగా పంపును మాన్యువల్‌కు మార్చి ఆపండి. లూప్‌లో చేయి పెట్టేది ఆ తర్వాతే. మీరు పరీక్ష కోసం వైరు విప్పిన ప్రతిసారీ ఆటోమేటిక్ పంపు ట్యాంకు ఖాళీ అయిందనుకుని మళ్లీ మొదలవుతుంది.

కారణం: సున్నాకు 4 ఎందుకు

ట్యాంకు అడుగున ఉన్న లెవెల్ ట్రాన్స్‌మిటర్‌కు రెండే వైర్లు. ప్యానెల్‌లోని 24 వోల్టుల సరఫరా ఒక వైరు మీదుగా ట్రాన్స్‌మిటర్‌కు వెళుతుంది, రెండో వైరు మీదుగా తిరిగి వచ్చి ప్యానెల్‌లోని 250 ఓమ్‌ల నిరోధకం గుండా వలయం పూర్తి చేస్తుంది. మట్టం ఎంత ఉందో చెప్పేది ఆ వలయంలో పారే కరెంటు. ట్యాంకు ఖాళీగా ఉంటే 4 మిల్లీఆంప్‌లు, నిండితే 20. వలయం ఒక్కటే కాబట్టి వైరు పొడవు ఎంతైనా, దాని నిరోధం కొంత పెరిగినా అన్ని చోట్లా కరెంటు ఒకటే. వోల్టేజీని సంకేతంగా పంపితే ఈ సౌకర్యం ఉండదు.

సున్నా మట్టానికి సున్నా కరెంటు పెట్టవచ్చు కదా? 0–20 పద్ధతి కూడా వాడుకలో ఉన్నదే. కానీ అందులో ఖాళీ ట్యాంకూ, తెగిన వైరూ ఒకే మాట చెబుతాయి: సున్నా. 4 దగ్గర మొదలుపెడితే, ట్యాంకు పూర్తిగా ఎండిపోయినా వలయంలో 4 మిల్లీఆంప్‌లు పారుతూనే ఉంటాయి. అవి కూడా లేవంటే అది నీటి సంగతి కాదు, వైరు సంగతి. దీన్నే లైవ్ జీరో అంటారు. కరెంటుకు ముందు గాలి ఒత్తిడితో నడిచిన పరికరాల్లోనూ సంకేతం 3 నుంచి 15 పీఎస్‌ఐ వరకు ఉండేది, సున్నా నుంచి కాదు. గొట్టం పగిలితే ఒత్తిడి 3 కంటే కిందికి పడి సంగతి తెలిసిపోయేది.

రెండో కారణం ట్రాన్స్‌మిటర్ బతుకుతెరువు. దానికి వేరే విద్యుత్ సరఫరా లేదు, లోపలి ఎలక్ట్రానిక్స్ కూడా ఆ రెండు వైర్ల మీదే నడవాలి. లోపాన్ని చెప్పేటప్పుడు కరెంటు 3.6 మిల్లీఆంప్‌లకు కూడా దిగవచ్చు, 12 వోల్టుల దగ్గర అది దాదాపు 43 మిల్లీవాట్లు. అంత తక్కువలోనే అది కొలవాలి, లెక్క కట్టాలి, సంకేతం పంపాలి. కరెంటు నిజంగా సున్నాకు దిగే పద్ధతిలో రెండు వైర్ల ట్రాన్స్‌మిటర్‌కు బతుకే లేదు.

అలాంటప్పుడు తెర ఎందుకు చెప్పలేదు?

లెక్క చూడండి. కరెంటులోంచి 4 తీసేసి, 16తో భాగించి, 5 మీటర్లతో గుణిస్తే మట్టం వస్తుంది. 13.6 మిల్లీఆంప్‌లు వస్తే 3 మీటర్లు. వైరు తెగి కరెంటు 0 అయితే మైనస్ 1.25 మీటర్లు రావాలి. అలాంటి అంకె తెర మీద కనిపిస్తే ఆపరేటర్ అయినా అనుమానిస్తాడు. కానీ పంపును నడిపే కంట్రోలర్‌కు, అంటే పీఎల్‌సీకి, ప్రోగ్రాం రాసినవారు మైనస్ అంకెలు చూడటానికి బాగుండవని, సున్నాకంటే తక్కువ ఏది వచ్చినా సున్నాగా చూపేలా రాశారు. 4–20 లూప్ వేసి, ఆ ఒక్క వరుసతో దాన్ని మళ్లీ 0–20గా మార్చేశారు. ఈ పని చాలా ప్యానెళ్లలో కనిపిస్తుంది. నా దృష్టిలో తెగిన వైరు కంటే పెద్ద లోపం ఇదే. వైరును ఎలుక కొరుకుతుంది, దాన్ని ఆపలేం. ఇది మాత్రం మన చేతి పని.

తెగిన చోటు కనుక్కోవడం

మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టండి. కరెంటు కొలిచే సాకెట్‌లో ప్రోబు ఉంచి రెండు టెర్మినళ్ల మధ్య పెడితే మీటరు ఫ్యూజు పోవచ్చు, అందుకని ముందే చూసుకోండి. 250 ఓమ్‌ల నిరోధకం మీద మొదటి కొలత. అక్కడ 1 వోల్టు ఉంటే 4 మిల్లీఆంప్‌లు, 5 వోల్టులు ఉంటే 20. మన ట్యాంకు విషయంలో అక్కడ 0 వోల్టులే ఉన్నాయి, అంటే కరెంటు లేదు. లైవ్ జీరో పని చేసింది, దాన్ని వినేవారు లేకపోయారు.

ఇప్పుడు ప్యానెల్ నుంచి బయటికి వెళ్లే ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య కొలవండి. అక్కడ ఏమీ లేకపోతే ఫ్యూజు గానీ సరఫరా గానీ పోయింది, బయటికి వెళ్లనవసరం లేదు. 24 వోల్టులు పూర్తిగా ఉంటే లోపం బయట ఉంది. వలయం తెగితే కరెంటు ఆగిపోతుంది కాబట్టి దారిలో ఎక్కడా వోల్టేజీ తగ్గదు. తెగిన చోటు వరకు పూర్తి 24 ఉంటుంది, దాటాక మాయమవుతుంది. కాబట్టి కేబులంతా తడమనవసరం లేదు. ట్యాంకు కింది జంక్షన్ బాక్సులో ఒకసారి, ట్రాన్స్‌మిటర్ టెర్మినళ్ల దగ్గర ఒకసారి కొలిస్తే చాలు.

ఇక్కడ జంక్షన్ బాక్సులో 24 ఉంది, ట్రాన్స్‌మిటర్ దగ్గర లేదు. తెగింది చివరి కొన్ని మీటర్లలోనే. రెండు వైర్లలో ఏది? నల్ల ప్రోబును బాక్సులోని మైనస్ మీదే ఉంచి, పొడుగు వైరుతో ఎర్ర ప్రోబును ట్రాన్స్‌మిటర్ ప్లస్ టెర్మినల్‌కు చేర్చండి. 24 కనిపిస్తే ప్లస్ వైరు బాగుంది, మైనస్ తెగింది. మనకు అలాగే వచ్చింది. కేబులు లోపలికి వెళ్లే గ్లాండ్‌కు జానెడు దూరంలో, ఫ్యాక్టరీ మూతపడిన నెలల్లో ఎలుకలు కొరికిన చోట మైనస్ వైరు రెండు ముక్కలై ఉంది.

ఆ ముక్కను మార్చండి, మెలిపెట్టి టేపు చుట్టకండి. బిగించాక కరెంటు మళ్లీ సున్నానే ఉండి, ట్రాన్స్‌మిటర్ టెర్మినళ్ల మధ్య మీటరు మైనస్ 24 చూపితే వైర్లు తారుమారయ్యాయని అర్థం. ప్లస్ 24 పూర్తిగా ఉండి కూడా కరెంటు లేకపోతే ట్రాన్స్‌మిటరే పోయింది.

ప్రోగ్రాంలో చేయవలసినది

ఇలాంటి పరికరాలు వాడే పరిశ్రమల సంఘం నామూర్ సిఫార్సు NE 43 ఇక్కడ గీత గీసి ఇచ్చింది. 3.8 నుంచి 20.5 మిల్లీఆంప్‌ల వరకు కొలత. 3.6 లేదా అంతకంటే తక్కువ, 21 లేదా అంతకంటే ఎక్కువ వస్తే లోపం. 4కు కొంచెం కింద చోటు వదిలింది సున్నా కాస్త జరగవచ్చు కాబట్టి. ఖాళీ ట్యాంకు 3.9 చూపితే అది 3 సెంటీమీటర్ల తేడా మాత్రమే, అలారం మోగించే సంగతి కాదు.

```
LT_Fault := (mA <= 3.6) OR (mA >= 21.0);
Level := (mA - 4.0) / 16.0 * 5.0;
IF LT_Fault THEN
  Pump_Auto := FALSE;
END_IF;
```

ఇందులో mA అనేది ఫిల్టర్‌కు ముందున్న ముడి విలువ కావాలి. తీగ లోపల విరిగి, పంపు అదురుకు తగులుతూ వదులుతూ ఉంటే, సగటు తీసే ఫిల్టర్ ఆ సున్నాలను అసలు మట్టంతో కలిపేసి నమ్మదగిన తప్పు అంకెను తయారుచేస్తుంది. లోపం వస్తే పంపు ఆపాలన్నది ఈ ట్యాంకుకు సరిపోయే నిర్ణయం. బాయిలర్‌కు నీళ్లు పంపే చోట ఇదే వరుసను కాపీ చేయకండి, అక్కడ ఏది ప్రమాదమో చూసి రాయాలి.

చాలా ట్రాన్స్‌మిటర్లలో తమ లోపలి లోపాన్ని కింది వైపు చెప్పాలా, పై వైపు చెప్పాలా అని ఎంచుకోవచ్చు. నేనైతే పై వైపే పెడతాను. అప్పుడు 21 దాటితే ట్రాన్స్‌మిటర్‌ను, సున్నా వస్తే వైరును అనుమానిస్తాం. వైర్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయినా కరెంటు పైకే పోతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంకో లక్షణం: 3.75 దగ్గర ఆగిపోయే మట్టం

ఇదీ ట్యాంకును పొర్లించేదే, కానీ అలారం మోగదు. మట్టం కింద ఉన్నంతసేపు తెర సరిగ్గా చూపుతుంది. 3.75 మీటర్లు చేరాక అంకె నిలిచిపోతుంది, 4.5 ఎప్పటికీ రాదు, పంపు ఆగదు. ఇక్కడ వైరు తెగలేదు, జాయింటు చిలుమెక్కింది. చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానలకు మూత సరిగా బిగించని జంక్షన్ బాక్సులో తేమ చేరి, రాగి పచ్చబారుతుంది.

ట్రాన్స్‌మిటర్‌కు కనీసం 12 వోల్టులు కావాలనుకుందాం. 24లో మిగిలేది 12. ప్యానెల్ నిరోధకం 250, పాడైన జాయింటు 500, మొత్తం 750 ఓమ్‌లు. 12 వోల్టులను 750తో భాగిస్తే 16 మిల్లీఆంప్‌లు. అంతకుమించి పంపే శక్తి వలయంలో లేదు. 16 అంటే సరిగ్గా 3.75 మీటర్లు. కొన్ని ట్రాన్స్‌మిటర్లు ఆ స్థితిలో నిలబడవు, వోల్టేజీ చాలక ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతూ ఉంటాయి.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, వలయం పనిచేస్తుండగానే, ప్రతి జాయింటుకు అటూ ఇటూ వోల్టేజీ కొలవండి. మంచి జాయింటు మీద కొన్ని మిల్లీవోల్టులే ఉంటాయి. దీని మీద 8 వోల్టులు ఉంటాయి. ఇదే పరీక్ష ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు చేస్తే 2 వోల్టులే కనిపిస్తాయి, తెర మీద మట్టమూ సరిగ్గానే ఉంటుంది. లోపం లేదని మూత పెట్టేసే అవకాశం ఎక్కువ.

తడి బాక్సు చేసే మరో పని

తేమ రెండు టెర్మినళ్ల మధ్య దారి వేస్తే, ట్రాన్స్‌మిటర్‌ను దాటవేసి కొంత కరెంటు పక్క నుంచి పారుతుంది. 2 మిల్లీఆంప్‌లు అలా పారితే మట్టం 62.5 సెంటీమీటర్లు ఎక్కువగా కనిపిస్తుంది. కరెంటు 4కూ 20కీ మధ్యనే ఉంటుంది కాబట్టి లైవ్ జీరో దీన్ని పట్టలేదు. తడి బాగా ఎక్కువైతే అవతల తెగిన వైరును కూడా దాచేయగలదు, ఎందుకంటే లీకు కరెంటే 4 దాటితే ప్రోగ్రాంకు అది మామూలు కొలతే.

పరీక్ష సులభం. పంపును మాన్యువల్‌లో ఉంచి ట్రాన్స్‌మిటర్ దగ్గర ఒక వైరు విప్పండి. నిరోధకం మీద కచ్చితంగా 0 వోల్టులు రావాలి. 0.5 వోల్టులు మిగిలితే 2 మిల్లీఆంప్‌లు లీకవుతున్నాయి. బాక్సును ఆరబెట్టి, టెర్మినళ్లు మార్చి, గ్లాండ్ బిగించి మళ్లీ చూడండి. ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో కొలవాలనిపిస్తే కేబులు రెండు చివరలూ విప్పాకే కొలవండి. మెగ్గర్ పంపే 500 వోల్టులకు ట్రాన్స్‌మిటర్, పీఎల్‌సీ కార్డు రెండూ పోతాయి.