డ్రిజిల్ చేయదలచినవారు షటర్ తెరవకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

వానలు వెనుదిరిగి ఆకాశం తేటపడగానే చిన్న టెలిస్కోపులతో నెబ్యులాల ఫోటోలు తీసేవారిలో చాలామంది, స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో పలు ఫ్రేముల వెలుగును చిన్న పిక్సెళ్ల గడిలోకి పంచి కలిపే డ్రిజిల్ పక్కన టిక్ పెడితే వివరాలు వాటంతటవే బయటపడతాయని అనుకుంటారు. నిజానికి ఆ పద్ధతి ఫలిస్తుందా లేదా అన్నది ఫ్రేములు తీసే రాత్రే తేలిపోతుంది. 1995 డిసెంబరులో హబుల్ టెలిస్కోపు తీసిన డీప్ ఫీల్డ్ చిత్రాల కోసం ఆండ్రూ ఫ్రుక్టర్, రిచర్డ్ హుక్ దీన్ని రూపొందించారు. ఆ అద్దం సుమారు 0.05 ఆర్క్‌సెకండ్ల వివరం ఇవ్వగలిగినా, కెమెరాలోని వైడ్ ఫీల్డ్ పిక్సెల్ ఒక్కొక్కటి 0.1 ఆర్క్‌సెకండు వెడల్పు ఉండేది. టెలిస్కోపును ఫ్రేముల మధ్య కొద్దికొద్దిగా జరుపుతూ తీశారు కనుకనే, ఆ ఫ్రేములను 0.04 ఆర్క్‌సెకండ్ల గడిలోకి మార్చడం సాధ్యమైంది.

కాబట్టి మొదట చూసుకోవలసింది, మన ఫ్రేముల్లో అసలు పిక్సెళ్ల కొరత ఉందా అన్నది. 250 మి.మీ. ఫోకల్ లెంగ్త్, 3.76 మైక్రాన్ల పిక్సెళ్లు ఉన్న మోనో కెమెరాను తీసుకుందాం. పిక్సెల్ కొలతను 206.265తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు 3.1 ఆర్క్‌సెకండ్లు వస్తాయి. ఒక్క ఫ్రేములో నక్షత్రాల FWHM, అంటే సగం ప్రకాశం దగ్గరి వెడల్పు, కొలిచినప్పుడు 1.5 పిక్సెళ్ల దగ్గర ఉంటే డ్రిజిల్‌కు పని ఉన్నట్టే. అదే కెమెరాను 1000 మి.మీ. టెలిస్కోపుకు బిగిస్తే పిక్సెల్ 0.78 ఆర్క్‌సెకండ్లకు తగ్గుతుంది, గాలి అలజడి వల్ల కలిగే మసక, అంటే సీయింగ్, 3 ఆర్క్‌సెకండ్లు ఉంటే నక్షత్రం దాదాపు నాలుగు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. అప్పుడు డ్రిజిల్ చేస్తే ఫైలు నాలుగింతలవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

రెండవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, డిథరింగ్, అంటే ఫ్రేముల మధ్య టెలిస్కోపును కొద్దిగా జరపడం. ప్రతి ఫ్రేమూ ఆకాశాన్ని పిక్సెల్‌లో ఏదో ఒక భిన్నం మేర పక్కకు జరిగి చూసినప్పుడే కొత్త సమాచారం వస్తుంది. ఎక్కువమంది పొరబడేది గైడింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చే అంకె దగ్గర, ఎందుకంటే అది సాధారణంగా గైడ్ కెమెరా పిక్సెళ్లలో ఉంటుంది. 120 మి.మీ. గైడ్ స్కోపు మీద 3.75 మైక్రాన్ల కెమెరా ఉంటే, అక్కడి ఒక పిక్సెల్ 250 మి.మీ. మీద ఉన్న మన ప్రధాన కెమెరాలో సుమారు రెండు పిక్సెళ్లకు సమానం. మూడు నుంచి ఐదు గైడ్ పిక్సెళ్ల మేర యాదృచ్ఛిక దిశల్లో జరిపితే హాట్ పిక్సెళ్లు చెదిరిపోతాయి, మిగిలే భిన్నం కూడా ప్రతిసారీ వేరుగా పడుతుంది. గైడింగ్ లేకుండా మౌంట్ ఒకే దిక్కుకు మెల్లగా జారడాన్ని డిథరింగ్‌గా లెక్కించకూడదు. అది ఒక దిశలోనే నమూనాలిస్తుంది, పైగా వాలుగా గీతలు పడే నాయిస్‌ను మిగులుస్తుంది.

ఎన్ని స్థానాలు కావాలన్నది pixfrac మీద ఆధారపడుతుంది. డ్రిజిల్ ప్రతి పిక్సెల్‌ను కుదించి, ఆ చిన్న చతురస్రాన్ని కొత్త గడిలో అది పడిన చోట విస్తీర్ణం ప్రకారం పంచుతుంది. ఎంతకు కుదించాలో చెప్పేదే pixfrac. ఒక్కో వైపు రెండింతల పిక్సెళ్లున్న గడిలో, అంటే రెండింతల గడిలో, దాన్ని 0.5కు దించితే ఒక్కో ఫ్రేము కొత్త చిత్రంలో నాలుగో వంతునే తడుపుతుంది. ఏ పిక్సెల్‌కు ఎంత డేటా చేరిందో చూపే వెయిట్ మ్యాప్‌లోని విచలనం దాని మధ్యస్థ విలువలో 0.2ను మించరాదన్నది హబుల్ డేటాకు వాడే నియమం. యాదృచ్ఛిక డిథరింగ్‌కు లెక్కవేస్తే ఆ నియమానికి సుమారు 20 వేర్వేరు స్థానాలు కావాలి. స్థానాలు అన్నది గమనించాలి: మూడు ఫ్రేములకు ఒకసారి జరిపేవారికి అవి 60 ఫ్రేములవుతాయి. అంత తీరిక లేని రాత్రి 0.8 దగ్గర ఆగడమే మేలు. కలర్ కెమెరాలో ఎరుపు, నీలం పిక్సెళ్లు నాలుగింట ఒక్కొక్కటే కనుక ఆ రంగు పిక్సెళ్లను నేరుగా పంచే బేయర్ డ్రిజిల్‌కు ఇంకా చాలా ఎక్కువ ఫ్రేములు కావాలి. కొరత ఉంటే గడిని పెంచకుండా 1x లోనే చేయడం నా దృష్టిలో సరైన నిర్ణయం. స్థానాలు చాలలేదని వెయిట్ మ్యాపే చెబుతుంది. దాన్ని కాంట్రాస్ట్ పెంచి చూస్తే నున్నగా ఉండవలసిన చోట వల అల్లినట్టు గళ్లు కనిపిస్తాయి.

స్టాకింగ్‌కు కూర్చున్నప్పుడు, ఇప్పటికే తిప్పి సరిచేసి మళ్లీ సేవ్ చేసిన ఫ్రేములను డ్రిజిల్‌కు ఇవ్వకూడదు. ఇంటర్‌పొలేషన్ జరిగిన ఫైలులో మనకు కావలసిన భిన్నపు సమాచారం అప్పటికే మసకబారి ఉంటుంది. డార్క్, ఫ్లాట్ దిద్దుబాటు మాత్రమే జరిగిన ఫ్రేములనే ఇచ్చి, అమరిక వివరాలను విడిగా అందించాలి. డ్రిజిల్ తనంతట తాను ఉపగ్రహాల గీతలనూ కాస్మిక్ కిరణాల చుక్కలనూ ఏరివేయదు కనుక, ముందు మామూలు స్టాకింగ్‌లో తయారైన రిజెక్షన్ సమాచారం కూడా తోడుండాలి.

చివరిగా, ఫలితం మీద కొలతలు తీసేవారికి ఒక హెచ్చరిక. ఒక పాత పిక్సెల్ వెలుగు పలు కొత్త పిక్సెళ్లలోకి పడటం వల్ల పక్కపక్క పిక్సెళ్ల నాయిస్ ఒకదానితో ఒకటి ముడిపడి, నేపథ్యం ఉన్నదానికన్నా నున్నగా కనిపిస్తుంది. రెండింతల గడి, 0.8 pixfrac ఉన్నప్పుడు, పిక్సెల్ స్థాయిలో కొలిచిన నాయిస్‌ను దాదాపు రెండుతో గుణిస్తేనే, విశాలమైన అపర్చరులో మసక గెలాక్సీ ప్రకాశాన్ని కొలిచేటప్పుడు వేసే దోషపు అంచనా సరిగా వస్తుంది.