జుట్టు నెరిశాక పాత బట్టలు నప్పడం లేదా? సమస్య – పరిష్కారం

యాభై దాటాక డై మానేసి జుట్టును అలాగే వదిలేసిన చాలామంది ఒకే మాట అంటారు: "జుట్టు బాగానే ఉంది గానీ, బీరువాలో ఉన్నవేవీ నాకు నప్పడం లేదు." మళ్లీ డై వేసుకోవాలా అన్న ఆలోచన కూడా అక్కడే మొదలవుతుంది. ఆగండి. ముందు మెడ దగ్గర ఏ రంగు ఉందో చూడండి.

సమస్య: ఇదివరకు నప్పిన రంగులోనే ముఖం వెలిసిపోయినట్టు ఉంది

కారణం: నల్లజుట్టు ముఖం చుట్టూ ముదురు అంచులా ఉండేది. ఆ అంచు ఉన్నంతకాలం పైన ఏ రంగు వేసుకున్నా ముఖం తేలి కనిపించేది. ఇప్పుడు ఆ పని బట్టలే చేయాలి. బిస్కెట్ రంగు, ఖాకీ, లేత గోధుమ రంగు లాంటివి చాలామంది చర్మం రంగుకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ పని చేయలేవు. ముఖం, మెడ, బట్ట అన్నీ ఒకే ముద్దలా కలిసిపోతాయి.

పరిష్కారం: పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీకి ఎదురుగా నిలబడండి. గదిలో లైట్లు ఆపేయండి, మేకప్ వద్దు. బట్టను గడ్డం కింద పెట్టుకుని ఫోన్‌లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ముఖం, బట్ట ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ బట్ట ముఖానికి దగ్గరగా పనికిరాదు. రెండింటికీ తేడా స్పష్టంగా కనిపించాలి.

మా అక్కకి 54 ఏళ్లు, చామనచాయ, జుట్టు దాదాపు పూర్తిగా తెల్లబడింది. తనకెంతో ఇష్టమైన బిస్కెట్ రంగు టాప్‌తో ఫొటో తీస్తే గడ్డం గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. తర్వాత వంకాయ రంగుది పెట్టాం. బ్లాక్ అండ్ వైట్‌లో బట్ట బాగా ముదురుగా, ముఖం మధ్యస్థంగా, జుట్టు తెల్లగా, మూడూ వేటికవి విడిగా కనిపించాయి. నెమలికంఠం రంగు కూడా అలాగే కుదిరింది. లేత గులాబీ మాత్రం ఫొటోలో పాసైంది కానీ, రంగుల్లో చూస్తే ముఖం కాస్త పాలిపోయినట్టు అనిపించి పక్కన పెట్టేశాం. అంటే ఈ ఫొటో ముదురు, లేత తేడానే చెబుతుంది. చివరి మాట కంటిదే.

బిస్కెట్ రంగు టాప్‌ను పారేయక్కర్లేదు. మెడ చుట్టూ ముదురు స్కార్ఫ్ వేస్తే సరిపోతుంది. లేదా ఆ రంగును ప్యాంటుకో స్కర్టుకో మార్చేయండి. నడుము కింద ఉన్న రంగు ముఖాన్ని పెద్దగా ఏమీ చేయదు.

సమస్య: తెల్లజుట్టు పసుపుపచ్చగా కనిపిస్తోంది

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, వాటి పరిష్కారాలు వేరు. ముందుగా జుట్టు వెనక ముదురు నీలం బట్ట ఒకటి, ఆ తర్వాత బూడిద రంగుది ఒకటి పెట్టి చూడండి. రెండింటి మీదా పసుపు కనిపిస్తే అది జుట్టులోనే ఉంది. ఎండ, పొగ, నీళ్లలోని ఇనుము లాంటి ఖనిజాలు, పేరుకుపోయిన నూనెలూ జెల్లూ దానికి కారణం కావచ్చు. వారానికోసారి ఊదా రంగు షాంపూ వాడితే తగ్గుతుంది. ఎక్కువసేపు ఉంచితే మాత్రం జుట్టుకు లేత ఊదా ఛాయ అంటుకుంటుంది.

బూడిద రంగు మీద బాగానే ఉండి, మెరిసే తెల్లబట్ట పక్కన మాత్రమే పసుపుగా ఉంటే తప్పు బట్టది. కొత్త తెల్లబట్టల్లో, డిటర్జెంట్లలో నీలంగా మెరిపించే పదార్థాలు ఉంటాయి. ఆ తెలుపు పక్కన సహజమైన తెలుపు పాతబడినట్టు కనిపిస్తుంది. పక్కనున్న రంగు కంటిని ఇలా మారుస్తుందని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1839లోనే వివరంగా రాశాడు. అద్దకంలో నలుపు సరిగా రావడం లేదన్న ఫిర్యాదును పరిశీలిస్తే, లోపం అద్దకంలో కాక పక్కనున్న రంగుల్లో ఉందని తేలింది. కాబట్టి మిలమిలలాడే తెలుపు బదులు మీగడ తెలుపు ఎంచుకోండి. అది జుట్టుకన్నా ఒక పిసరు మసకగా ఉంటే జుట్టే తెల్లగా వెలుగుతుంది.

సమస్య: నలుపు వేస్తే కళ్ల కింద నీడలు పెరిగినట్టున్నాయి

లేత బట్ట వెలుతురును కింది నుంచి ముఖం మీదికి తిప్పి పంపుతుంది. నలుపు పంపదు. గడ్డం కింద, కళ్ల కింద ఉన్న గీతలు అందుకే ముదురుతాయి. నలుపు మీద మనసుంటే మెడ లోతుగా ఉన్నది తీసుకోండి. దగ్గరగా మూసుకునే కాలర్ కావాలంటే నేవీ బ్లూ లేదా బాటిల్ గ్రీన్ మేలు.

సమస్య: సగం నెరుపు, సగం పాత డై

డై వెలిసిన చివర్లు ఎర్రగా ఉంటాయి, కుదుళ్లు వెండిలా ఉంటాయి. ఒకదానికి నప్పింది రెండోదానికి నప్పదు. ఈ దశలో కొత్త బట్టలు కొనొద్దు. పాత చివర్లు కత్తిరించేదాకా నేవీ బ్లూ, నెమలికంఠం రంగులతో నెట్టుకురండి. అవి రెండిటితోనూ సర్దుకుంటాయి.